3.9 లెస్: పోయిన టెండరు, బిడ్ డైరీలో చివరి పేజీలు

ధరల కవర్లు తెరిచిన రోజు, సాయంత్రం

టెండరు పోయింది. అయిదుగురిలో నాలుగో వాళ్ళం.

పని ఏమిటో ఇంకోసారి రాసి పెట్టుకుంటాను, రేపు ఈ పేజీలు ఒక్కటే తిరగేస్తే అర్థం కావాలి. పాత ప్రకాశం జిల్లా పడమటి మూలలో రెండు ఊళ్ళ మధ్య 7.2 కిలోమీటర్ల మట్టిదారిని తారురోడ్డు చేయాలి. వెడల్పు 3.75 మీటర్లు. కింద గ్రావెల్, దాని మీద 75 మిల్లీమీటర్ల చొప్పున రెండు వరసల కంకర, పైన 20 మిల్లీమీటర్ల తారు, సీల్ కోటు. దారిలో మూడు కల్వర్టులు. శాఖవాళ్ళ అంచనా విలువ, అదే మనం ఈసీవీ అనేది, 3 కోట్ల 60 లక్షలు. జీఎస్టీ దీనికి బయట. ఇది శాతం టెండరు. పంతొమ్మిది రోజులు ఆరుగురం కూర్చుని లెక్కలు కట్టినా ఆన్‌లైన్‌లో వేసేది చివరికి ఒక్క అంకె: అంచనా మీద ఎంత శాతం తక్కువ, అదే లెస్, లేకపోతే ఎంత శాతం ఎక్కువ, అదే ఎక్సెస్. మేం వేసింది 3.9 లెస్.

కవర్లు తెరిచాక స్క్రీన్ మీద వరసగా కనిపించినవి ఇవి: అందరికంటే తక్కువ వేసిన ఎల్‌వన్‌ది 9.3 లెస్, తర్వాత 8.6 లెస్, 7.2 లెస్, మాది 3.9, చివరాయన 0.5.

కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. పర్చేజ్ చూసే బాబాయ్ గారు ముందు తేరుకుని, "నష్టానికేసుకున్నాడబ్బా, ఎల్‌వన్ వాడు. చూడండి, పని మధ్యలో వదిలేసి పోతాడు" అన్నారు. అందరికీ ఆ మాట హాయిగా అనిపించింది. నాకూ అనిపించింది. క్వాంటిటీలు తీసే అమ్మాయి వెంటనే కాలిక్యులేటర్ తీసి లెక్క కూడా చూపించింది. ఎల్‌వన్ ధర 3 కోట్ల 26 లక్షల 52 వేలు. మాది 3 కోట్ల 45 లక్షల 95 వేలు. తేడా 19 లక్షల 43 వేలు. మేం వేసుకున్న లాభం 19 లక్షల 58 వేలు. అంటే పైసా లాభం లేకుండా చేస్తామన్నా ఎల్‌వన్ కంటే పదిహేను వేలు మాత్రమే కిందికి వచ్చేవాళ్ళం.

"మరి వాడికేం మిగుల్తుంది సార్?" అంది.

జవాబు చెప్పలేకపోయాను. రాత్రి భోజనాల దగ్గర కూడా ఆ ప్రశ్నే మెదులుతోంది.

మర్నాడు

ఈఎండీ తిరిగి రావడానికి కాగితాలు పెట్టించాను. టెండరు వేసేటప్పుడు కట్టిన డిపాజిట్ అది, ఒక శాతం, 3 లక్షల 60 వేలు. అది వస్తుంది. రానిది వేరే ఉంది. తారు గ్యాంగు మేస్త్రీకి పని దాదాపు మనదే అన్నట్టు మాట్లాడింది నేనే. ఆయన ఇంకో చోట పని వద్దనుకుని మాకోసం ఆగాడు. ఫోన్ చేసి చెప్పాను. "సరే లే సార్, ఇంకోటి చూసుకుంటా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం నుంచి మా ధర తయారైన ఎక్సెల్ షీట్లను పాత కాపీలతో సహా తెరిచి వరసగా పెట్టుకున్నాను. సైట్ ఇంజనీర్ పంపింది, బాబాయ్ గారు రేట్లు వేసింది, నేను మార్చింది, ఎండీ గారి గది నుంచి వచ్చింది. నాలుగు షీట్లనూ పక్కపక్కన పెట్టి చూడటం ఇదే మొదటిసారి. టెండరు వేసే ముందు ఒక్క పూట ఈ పని చేసి ఉండాల్సింది. ఏం కనిపించిందో మీటింగులో చెప్పింది కింద ఉంది, ఇక్కడ రాయను.

ఇంకో అనుమానం కూడా తగిలింది. కంకర లీడు, అంటే క్వారీ నుంచి రోడ్డు దాకా మోసే దూరం, అంచనాలో 41 కిలోమీటర్లు వేశారు. మేం కూడా 41 అనే వేశాం. సైట్ చూడ్డానికి వెళ్ళిన కుర్రాణ్ణి అడిగితే, "అంచనాలో ఉన్న క్వారీ పేరు చూసి దూరం సరిపోయిందో లేదో కొలిచాను సార్" అన్నాడు. కొలిచాడు, నిజమే. దగ్గర్లో ఇంకోటి ఉందా అని మాత్రం అడగలేదు. అడగమని నేనూ చెప్పలేదు.

మూడో రోజు, కనిగిరి దాటాక

పని లేని చోటికి బండేసుకుని వెళ్ళడం వింతగానే ఉంటుంది. రోడ్డు మొదలయ్యే ఊళ్ళో టీ బంకు దగ్గర రెండు టిప్పర్లు ఆగి ఉన్నాయి. కంకర ఎక్కడ నుంచి తెస్తున్నారని ఒక డ్రైవర్ని అడిగాను. ఎటు నుంచి వచ్చానని ఎదురు అడిగాడు, ఒంగోలు అన్నాను. "మీరు మెయిన్ రోడ్డు క్రషర్ కాడికే పోతారు లే అన్నా, బయటోళ్ళంతా అంతే. మాకు ఆ కొండ అవతల ఉండాది గదా" అని చెయ్యి చూపించాడు.

మండలం సరిహద్దు దాటి వేరే దారిలో ఉంది ఆ క్రషర్. మా రోడ్డు మధ్య భాగానికి బండి మీటరు మీద 23 కిలోమీటర్లు. చివరి నాలుగు కిలోమీటర్లు నల్లరేగడి దారి, వాన పడితే లోడు టిప్పర్ దిగబడుతుంది, అది చూడగానే తెలుస్తోంది. క్రషర్ గుమాస్తా పర్మిట్లు, రాయి మీద ప్రభుత్వానికి కట్టే సీనరేజీ రసీదులు చూపించాడు. గోతాంలో కొంచెం కంకర నింపుకుని బండికి కట్టుకుని వచ్చాను, ఒంగోలులో ల్యాబుకు ఇచ్చాను. దెబ్బకి రాయి ఎంత నలుగుతుందో చెప్పే ఇంపాక్ట్ వాల్యూ 22 శాతం వచ్చింది. తారు పనికి 30 దాటకూడదు. కాబట్టి రాయి మంచిదే. చపటా రాళ్ళ శాతం కూడా హద్దులోనే ఉంది.

ఒక రాయి జేబులో వేసుకున్నాను. మీటింగులో టేబుల్ మీద పెట్టాలి.

ఆరో రోజు, మీటింగు

సాయంత్రం అయిదింటికి మేడ మీద గదిలో కూర్చున్నాం. నేను కాక అయిదుగురు, వెనక కుర్చీలో ఎండీ గారు. ఆయన వస్తారనుకోలేదు. అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసింది, దాన్నుంచి నేను మాట్లాడింది దాదాపు మాట్లాడినట్టే దించాను. టీలు వచ్చినప్పటి గోల తీసేశాను.

"కూర్చోండి. ముందు ఒకటి చెప్పేస్తాను. ఈ టెండరు పోయినందుకు నాకు బాధగా ఉంది, మీకూ ఉంది, అది దాచుకోవక్కర్లేదు. 'ఒక టెండరు పోతే ఇంకోటి' అనే మాట నేను ఇవాళ అనను. పంతొమ్మిది రోజులు పని చేశాం. అమ్మాయి వాళ్ళ పిన్ని కూతురి నిశ్చితార్థానికి వెళ్ళలేదు, ఆ రోజు కల్వర్టు క్వాంటిటీలు రెండోసారి తీస్తోంది. తీయమంది నేనే. ఆ క్వాంటిటీల్లో ఒక్క తప్పు లేదు, మొన్న మళ్ళీ చూశాను. మేస్త్రీకి మాట ఇచ్చి తప్పాను. పేవరు షెడ్డులో ఊరికే ఉంది. ఇవన్నీ పోయినవే.

అయితే మొన్న సాయంత్రం మనం అందరం ఒక మాట అనుకుని ఇళ్ళకు పోయాం. ఎల్‌వన్ నష్టానికి వేశాడు అని. అదే నిజమైతే ఈ మీటింగు అక్కర్లేదు. మనం బాగా చేశాం, వాడు తిక్కవాడు, అంతే. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

అంకెలు ఇంకోసారి చూడండి. 9.3, 8.6, 7.2. ముగ్గురి మధ్య తేడా రెండు శాతం చిల్లరే. నష్టానికి దూకినవాడు ఒక్కడే కింద ఉంటాడు, వాడికీ రెండో వాడికీ మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది. ఇక్కడ ఖాళీ ఎక్కడుంది? మూడో వాడికీ మనకీ మధ్య ఉంది. మూడు పాయింట్ల పైనే. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు ఒకే చోటికి వచ్చారంటే ఆ పని ధర ఆ చుట్టుపక్కలే ఉందని అర్థం. దూరంగా ఉన్నది మనం.

ఇప్పుడు మన ధర ఎలా పెరిగిందో చెప్తాను. దీంట్లో ఎవరినీ పట్టుకోవడం లేదు. నా పేరు కూడా వస్తుంది, ఆగండి.

అసలు ఖర్చు, అంటే కంకర, గ్రావెల్, తారు, మిషన్లు, కూలీ, క్యాంపు, లేబర్ సెస్సు అన్నీ కలిపి, ఏ జాగ్రత్తా కలపకుండా, 2 కోట్ల 90 లక్షలు. ఇది మన లెక్కే.

దీని మీద సైట్ నుంచి 3 శాతం కలిసింది. 8 లక్షల 70 వేలు. ఎందుకురా కలిపావు అని మొన్న అడిగితే చెప్పలేదు గానీ నాకు తెలుసు. పోయిన పనిలో గ్రావెల్ తగ్గిందని అందరి ముందూ నిన్ను తిట్టాను. ఆ తర్వాత నువ్వు తీసిన ప్రతి లెక్కలోనూ 3 శాతం ఉంది, చూసుకున్నావా? అది గ్రావెల్ కోసం కాదు. నా తిట్ల కోసం. ఆ తప్పు నాది."

(ఇక్కడ కుర్రాడు తల దించుకుని నవ్వాడు. నాకు కొంచెం ఊపిరి ఆడింది.)

"తర్వాత షీటు బాబాయ్ దగ్గరికి వెళ్ళింది. బాబాయ్, మీరు 4 శాతం కలిపారు. తారు రేటు పెరుగుతుందని మీ భయం. తప్పు లేదు, ఆయిల్ కంపెనీలు పదిహేను రోజులకోసారి రేటు మారుస్తాయి, ఈ టెండరులో ధరల సవరణ లేదు. కానీ అసలు ఈ పనిలో తారు ఎంత? 27 వేల చదరపు మీటర్లు. తారు పొరకీ సీల్ కోటుకీ కలిపి 58 టన్నులు. మీరు వేసిన రేటు టన్నుకు 50 వేలు. మొత్తం 29 లక్షలు. మీరు 4 శాతం కలిపింది ఈ 29 లక్షల మీద కాదు, మూడు కోట్ల మీద. అది 12 లక్షలు అయింది. ఆ 12 లక్షలు ఖర్చవ్వాలంటే తారు రేటు నలభై శాతం పెరగాలి. పది శాతం పెరుగుతుందని భయపడితే మనకు కావలసింది 2 లక్షల 90 వేలు."

బాబాయ్ గారు, "అది షీట్లో కింద టోటల్ దగ్గర వేయడం అలవాటయ్యా" అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. మా షీటులో శాతం వేసే గడి ఒక్కటే ఉంది, అది టోటల్ కింద ఉంది.

"మూడోది నేను. ఆ షీటు నా దగ్గరికి వచ్చేసరికి అందులో ఇప్పటికే రెండు జాగ్రత్తలు ఉన్నాయని నాకు తెలియదు. అడగలేదు. రేట్లు ఎత్తుగా కనిపించాయి గానీ మార్కెట్ అలా ఉందేమో అనుకున్నాను. వానలూ, కల్వర్టు పునాదులూ తలుచుకుని నా వంతు 3 శాతం వేశాను. 9 లక్షల 32 వేలు. చివర్లో అప్‌లోడ్ చేసే రోజు పైనుంచి ఇంకో 2 శాతం వచ్చింది, 6 లక్షల 40 వేలు.

నాలుగూ కలిపితే 12 కాదు, 12న్నర శాతం, ఎందుకంటే ఒకరి జాగ్రత్త మీద ఇంకొకరం జాగ్రత్త వేశాం. 36 లక్షల 37 వేలు. ఆ పైన 6 శాతం లాభం. దుప్పటి మీద దుప్పటి కప్పుకుని చెమట పడుతోందన్నట్టుంది మన పని. నలుగురిలో ఏ ఒక్కరూ అతిగా వేయలేదు. విడివిడిగా చూస్తే అందరివీ సబబే. కలిపి చూసినవాడు లేడు. చూడాల్సింది నేను.

అందుకే అమ్మాయి మొన్న వేసిన లెక్కకి అలాంటి జవాబు వచ్చింది. లాభం వదిలేసినా ఎల్‌వన్‌తో సమానం అయ్యామంటే, ఆ 36 లక్షలూ ఖర్చని మనం నమ్ముతున్నాం కాబట్టి. అవి ఖర్చు కాదు. భయం.

సరే, భయం ఉత్తదేనా? పాత పనులు మూడు తీసి చూశాను. మొదటి దాంట్లో జాగ్రత్త పేరుతో 21 లక్షలు పెట్టుకున్నాం, నిజంగా వాడింది 5. రెండోదాంట్లో 17 పెట్టుకుని 6 వాడాం. మూడోదాంట్లో 15 పెట్టుకుంటే 23 అయింది, నల్లరేగడిలో కల్వర్టు పునాది దిగుతూనే పోయింది, గుర్తుంది కదా. గుర్తుండేది ఆ మూడోదే. మనం టెండరు లెక్క వేసేటప్పుడు అందరి కళ్ళ ముందూ ఉండేది ఆ గుంతే. కానీ ఆ గుంత రాకుండా శాతం ఆపదు. ముందే రెండు చోట్ల తవ్వించి చూస్తే తెలుస్తుంది. ఈసారి కూడా మనం తవ్వించలేదు."

ఇక్కడ రాయి తీసి టేబుల్ మీద పెట్టాను.

"ఇది చూడండి. చేతిలోకి తీసుకోండి. మన రోడ్డుకి 23 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండ ఇది. మనం వేసింది 41. అన్ని పొరలకూ కలిపి మనకు కావలసిన కంకర సుమారు 6,800 ఘనపు మీటర్లు. టిప్పర్ కిరాయి ఘనపు మీటరుకి కిలోమీటరుకి 9 రూపాయలు వేసుకున్నాం. 18 కిలోమీటర్లు తగ్గితే ఘనపు మీటరుకి 162 రూపాయలు. మొత్తం 11 లక్షలు. అంచనాలో లీడు ఉండేది అంచనా కట్టడానికి. శాఖకి ఏదో ఒక క్వారీ పేరు చూపించాలి, చూపిస్తారు. రాయి పరీక్షలో నిలబడి, సీనరేజీ కట్టి ఉంటే ఎక్కడ తెచ్చుకున్నా మన ఇష్టం. స్థానికంగా ఉన్న ముగ్గురికీ ఈ కొండ తెలుసనుకుంటున్నాను. టీ బంకు దగ్గర డ్రైవరుకే తెలుసు.

పదకొండు లక్షలూ మిగిలేవని మాత్రం అనను. చివరి నాలుగు కిలోమీటర్లు రేగడి దారి. వాన పడిన వారం మనం మళ్ళీ మెయిన్ రోడ్డు క్రషర్‌కే పోవాలి. అయినా సగం మిగిలినా అయిదు లక్షలు."

సైట్ కుర్రాడు అప్పుడు అడిగాడు, "అయితే సార్, క్వారీ తెలిసుంటే వచ్చేసేదా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, లెక్క వేసుకునే వెళ్ళాను.

"రాదు. అదే అసలు సంగతి. దగ్గర క్వారీ వేసి, మన నాలుగు దుప్పట్లూ అలాగే ఉంచితే 7.5 లెస్ వచ్చేది. మూడో స్థానం. అదే క్వారీ తెలియకపోయినా, 41 కిలోమీటర్లే పెట్టుకుని, భయాలు మాత్రం ఒక్కోటి విడిగా రాసి ఉంటే ఎలా ఉండేదో చూద్దాం. తారు పది శాతం పెరిగితే 2 లక్షల 90 వేలు. గ్రావెల్, కంకర తరుగు 3న్నర లక్షలు. వానకి మిషన్లు పది రోజులు ఆగితే రోజుకి 30 వేల చొప్పున 3 లక్షలు. కల్వర్టు పునాది లోతు దిగితే 2 లక్షలు. మొత్తం 11 లక్షల 40 వేలు. అది కలిపి, 6 శాతం లాభం వేస్తే..."

అప్పుడు వెనక నుంచి ఎండీ గారు, "నాది రాయలేదేం?" అన్నారు.

గది చల్లబడింది. నిజం చెప్పాలంటే ఆయన వేసిన రెండు శాతం గురించి ఆఫీసులో చాలా జోకులున్నాయి. ప్రతి టెండరులోనూ చివరి గంటలో వస్తుంది, కారణం చెప్పరు. దాన్ని మేం 'దేవుడి వాటా' అంటాం. నేను కూడా మీటింగులో దాన్ని కారణం లేని శాతంగానే చూపించాను.

ఆయన లేచి బోర్డు దగ్గరికి వచ్చారు. "బిల్లు ఎప్పుడొస్తుంది? పని అయిన రోజు రాదు కదా. కోటి రూపాయల బిల్లు ఆరు నెలలు ఆగితే నూటికి రూపాయి వడ్డీ చొప్పున ఆరు లక్షలు. ఆ వడ్డీ కట్టేది నేను, మీ షీటులో అది ఎక్కడుంది?" అన్నారు.

ఎక్కడా లేదు. నలుగురం వేసిన శాతాల్లో వెనక ఒక లెక్క ఉన్నది ఆయనదొక్కటే. మేం నవ్వుకున్నది దానికే. ఆయన కూడా ఎప్పుడూ పైకి చెప్పలేదు, చెప్పి ఉంటే షీటులో ఒక వరస అయ్యేది, చివరి గంటలో శాతం అయ్యేది కాదు. ఆ మాట అక్కడే అన్నాను. ఆయన కాసేపు చూసి, "సరే, రాయి" అన్నారు.

అయిదో వరసగా రాశాను. 11 లక్షల 40 వేలకి 6 లక్షలు కలిపితే 17 లక్షల 40 వేలు. ఖర్చు, జాగ్రత్త కలిపి 3 కోట్ల 7 లక్షల 40 వేలు. దాని మీద 6 శాతం లాభం వేస్తే 3 కోట్ల 25 లక్షల 84 వేలు. అంచనా మీద 9.49 లెస్.

ఎల్‌వన్ 9.3. అరవై ఎనిమిది వేల తేడాతో పని మనది అయ్యేది.

అమ్మాయి "అబ్బా" అంది. ఆ ఉత్సాహం చల్లార్చాల్సి వచ్చింది.

"ఈ అంకెను నమ్మకండి. ఎల్‌వన్ ఎంతో తెలిసిన తర్వాత కూర్చుని రాసిన లెక్క ఇది. జవాబు ముందు తెలిసిపోతే నా చెయ్యి అటే పోతుంది, మూడున్నర లక్షల చోట నాలుగున్నర రాసి ఉంటే 9.2 అయి మళ్ళీ ఓడిపోయేవాళ్ళం. నేను చూపిస్తున్నది గెలిచేవాళ్ళమని కాదు. పోటీలో ఉండేవాళ్ళమని. 3.9 దగ్గర మనం పోటీలోనే లేం. ఆ క్వారీ కూడా తెలిసుంటే ఇదే లెక్క 12.7 దాకా వెళ్ళేది, అంత దిగాల్సిన పని లేదు. పదిన్నర దగ్గర ఆగి మిగతాది ఉంచుకునేవాళ్ళం. ఎల్‌వన్‌కి ఏం మిగుల్తుందని అడిగావు కదమ్మా. అతనికి ఆ కొండ తెలిసి, మనలాంటి ఖర్చే ఉంటే, మనం వేసుకున్న లాభం కంటే ఎక్కువే మిగలొచ్చు.

వచ్చే టెండరు నుంచి రెండే మార్చుదాం. షీటులో టోటల్ కింద ఉన్న శాతం గడి తీసేస్తున్నాను. ఎవరికి ఏ భయం ఉన్నా వేరే పేజీలో ఒక వరస రాయాలి. ఏం జరుగుతుంది, జరిగితే ఎన్ని రూపాయలు, ఎవరు రాశారు. శాతం కాదు, రూపాయలు. సార్‌తో సహా. అప్‌లోడ్‌కి ముందు రోజు అందరం ఆ పేజీ ముందు కూర్చుని, ఒకే భయం రెండుసార్లు ఉంటే ఒకటి కొట్టేస్తాం. ఇక సైట్‌కి వెళ్ళినవాళ్ళు ఒక రాత్రి అక్కడ ఉండాలి. అంచనాలో ఉన్న క్వారీ కాక ఇంకో రెండింటి నుంచి రాయి తేవాలి, కల్వర్టు చోట్ల కనీసం రెండు గుంతలు తవ్వించాలి. దానికయ్యే ఖర్చు నేను ఇప్పిస్తాను. ఇరవై వేలు దాటదు. 3 లక్షల 60 వేలు ఈఎండీ కట్టేవాళ్ళం, ఇరవై వేల దగ్గర పొదుపు చేశాం.

రా, టీ తాగుదాం. అమ్మా, రికార్డు ఆపెయ్."

మీటింగు తర్వాత, అదే రాత్రి

బాబాయ్ గారు వెళ్తూ వెళ్తూ నా గదిలోకి వచ్చి, "పేరు రాయాలంటే భయం తక్కువ రాస్తారయ్యా జనం. రేపు నష్టం వస్తే ఆ వరసలో నీ పేరే ఉంది అంటారు" అన్నారు. ఇది నేను ఆలోచించలేదు. భయాన్ని దాచి శాతంలో కలపడం ఎంత ప్రమాదమో, తిట్లకి జడిసి అసలు రాయకపోవడం అంతే ప్రమాదం. గ్రావెల్ సంగతిలో ఆ జడుపు పుట్టించింది నేనే కాబట్టి నాకు ఇది గట్టిగానే తగిలింది. చివరికి 'ఎవరు రాశారు' అన్న గడి తీసేసి, 'ఎలా తెలిసింది' అని పెట్టాను. గుంత తవ్వి చూశాం, పాత బిల్లు చూశాం, డ్రైవర్ చెప్పాడు, ఊరికే అనిపించింది. 'ఊరికే అనిపించింది' కూడా రాయొచ్చు, కొట్టేయం, కానీ అది అలా అని కనపడాలి.

పన్నెండో రోజు

కొత్త నోటీసు ఒకటి తీశాం. 5.4 కిలోమీటర్లు, రెండు కల్వర్టులు. సైట్ కుర్రాడు నిన్న వెళ్ళి రాత్రి అక్కడే స్కూలు వరండాలో పడుకున్నాడు. పొద్దున్నే ఫోటో పంపాడు: టిప్పర్ బానెట్ మీద వరసగా మూడు రాళ్ళు, కింద కాగితం ముక్కల మీద పెన్నుతో 36, 29, 17 అని కిలోమీటర్లు.

పదిహేడుది చూడ్డానికి బాగుంది, కానీ పసుపు పచ్చగా ఉంది, వేలితో గీస్తే పొడి రాలుతోందట. ల్యాబుకి పంపమన్నాను. గుంతలు మధ్యాహ్నం తవ్విస్తానన్నాడు.

భయాల పేజీలో ఇప్పటికి నాలుగు వరసలున్నాయి. మొదటిది ఎండీ గారే ఫోన్ చేసి రాయించారు: బిల్లు ఆలస్యం, 4 లక్షలు. 'ఎలా తెలిసింది' దగ్గర ఏం రాయమంటారని అడిగితే, "పోయిన పని బిల్లు ఇంకా రాలేదని రాయి" అన్నారు.